రెండు కాగితాల మధ్య నాలుగు నెలలు

చిరంజీవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ మొదటి పేరాలోనే ‘1947 ఆగస్టు 15 నాటికి 565 సంస్థానాలు భారతదేశంలో విలీనమయ్యాయి’ అని రాశావు. అక్కడే ఆగిపోయాను. నీ వయసులో నేనూ అచ్చం ఇదే వాక్యం ఒక పత్రికకు రాశాను. అచ్చయిన వారానికి ఒక రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి నుంచి కార్డు వచ్చింది: ‘చేరడం వేరు, విలీనం కావడం వేరు. మీరు రెండూ కలిపేశారు.’ సిగ్గుపడి, ఆ తర్వాత ఏడాదంతా ఆ తేడా పట్టుకునే తిరిగాను.

ముందు సంఖ్య సంగతి. ఒక చోట 562, ఇంకో చోట 565 కనిపిస్తాయి. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. దేన్ని సంస్థానంగా లెక్కపెట్టారన్నదే తేడా. కాఠియావాడ్‌లో చిన్నాపెద్దా కలిసి రెండు వందలకు పైగా ఉండేవి. వాటిలో కొన్ని మన ఊరి పొలిమేర దాటనంతవి. కాబట్టి ‘దాదాపు 560’ అని రాసి ముందుకు పో.

మన తెలుగువాళ్లకు ఇంకో చిక్కుంది. విజయనగరం, బొబ్బిలి అంటే మనకు సంస్థానాలే, గద్వాల, వనపర్తి కూడా సంస్థానాలే. నువ్వు ఈ నాలుగింటినీ ఆ జాబితాలో కలిపేశావు. మొదటి రెండూ బ్రిటిషు మద్రాసులోని జమీందారీలు, 1948లో వచ్చిన ఎస్టేట్ల రద్దు చట్టంతో పోయాయి. తర్వాతి రెండూ నిజాం కింద ఉన్నవి. హైదరాబాదు కాక, పటేల్ సంతకం తీసుకోవాల్సిన సంస్థానం మన జిల్లాల్లో ఉందంటే అది బనగానపల్లె. 1948 ఫిబ్రవరిలో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అక్కడి మామిడి తప్ప ఆ ఊరి గురించి నీ వ్యాసంలో ఇంకేమీ లేదు.

ఇక అసలు విషయం. స్వాతంత్ర్య చట్టం సంస్థానాల మీద బ్రిటిషు రాజు సార్వభౌమాధికారాన్ని రద్దు చేసింది తప్ప, దాన్ని ఢిల్లీకి అప్పగించలేదు. ఆ ఖాళీ పూడ్చడానికి పటేల్, ఆయన కార్యదర్శి వి.పి. మీనన్ ఒక చేరిక పత్రం తయారుచేశారు. అందులో సంస్థానాధీశుడు వదులుకునేవి మూడే: రక్షణ, విదేశాంగం, రవాణా సమాచార సంబంధాలు. ఏడో నిబంధన, రేపు రాబోయే రాజ్యాంగానికి ఈయన కట్టుబడనక్కరలేదంటుంది. ఎనిమిదోది, తన రాజ్యం మీద ఈయన సార్వభౌమత్వం చెక్కుచెదరదంటుంది. ఆగస్టు 15 లోపు ఎక్కువమంది సంతకం పెట్టింది దీని మీద. ఈ రెండు నిబంధనలూ చూసుకునే చాలామంది ధైర్యంగా పెట్టారు.

నీ కథ ఇక్కడ మొదలవ్వాలి. ఎందుకంటే నాలుగు నెలలకే ఆ ఎనిమిదో నిబంధన చెల్లని కాసయింది. అది జరిగింది కటక్‌లో.

ఒడిశాలో ఉన్న 26 సంస్థానాల్లో నీలగిరి ఒకటి. బాలాసోర్ పక్కన, చాలా చిన్నది. అక్కడ ప్రజామండలి ఉద్యమం, ఆదివాసులకూ మిగతావాళ్లకూ గొడవలు ముదిరి రాజు చెయ్యి దాటిపోయాయి. 1947 నవంబరులో ఢిల్లీ అనుమతితో ఒడిశా ప్రభుత్వం పాలనను చేతిలోకి తీసుకుంది. మిగతా రాజులందరికీ అది కంటి ముందు నిలిచిన పాఠం. డిసెంబరు 14న పటేల్, మీనన్ కటక్‌లో వాళ్లను కూర్చోబెట్టారు. పటేల్ మాట సారాంశం ఇంతే: మీ ఖజానాతో పోలీసు, ఆసుపత్రి, రోడ్డు నడవవు. నా సలహా వినకపోతే రేపు మీ ప్రజలే వెళ్లగొడతారు, అప్పుడు ఢిల్లీకి వచ్చినా నేను చేయగలిగింది ఉండకపోవచ్చు.

దీన్ని బెదిరింపు అనాలా, హితవు అనాలా? నువ్వు ‘ఉక్కుమనిషి గర్జించాడు’ అని రాశావు. కొట్టెయ్. ఆ గదిలో గర్జన కంటే బేరం ఎక్కువ నడిచింది. అక్కడ రాజులు సంతకం పెట్టిన రెండో కాగితం, విలీన ఒప్పందం, చదివితే తెలుస్తుంది. మొదటి అంశంలో పాలనాధికారం మొత్తం అప్పగింత, తేదీ 1948 జనవరి 1. ఆ తర్వాతవన్నీ రాజుకు తిరిగి ఇచ్చేవే: పన్ను లేని రాజభరణం, సొంత ఆస్తులు, బిరుదులు, మర్యాదలు, వారసత్వానికి హామీ.

రాజభరణానికి ఒక లెక్క కట్టారు. సంస్థానం సగటు వార్షికాదాయంలో మొదటి లక్షకు నూటికి 15, తర్వాతి నాలుగు లక్షలకు నూటికి 10, ఐదు లక్షలు దాటినదానికి ఏడున్నర. ఎంతైనా పది లక్షలకు మించదు. ఆదాయం ఎనిమిది లక్షలున్న ఒక సంస్థానం అనుకో. మొదటి లక్ష మీద 15,000, తర్వాతి నాలుగు లక్షల మీద 40,000, మిగిలిన మూడు లక్షల మీద 22,500. మొత్తం 77,500 రూపాయలు. లక్ష ఆదాయమున్నాయనకు 15,000 వస్తుంది. చిన్నవాడికి తన రాబడిలో వాటా పెద్దది, పెద్దవాడికి చిన్నది. కాగితం చేతికి రాగానే ఎవరి లెక్క వాళ్లు వేసుకుని ఉంటారు. నీ వ్యాసంలో ఆ లెక్క వేసుకుంటున్న ఒక రాజు కనిపిస్తే, నాలుగు పేజీల దేశభక్తి కంటే ఎక్కువ చెబుతాడు.

సొంత ఆస్తులు అన్న మాట దగ్గర కూడా కాస్త ఆగు. రాజుకూ రాజ్యానికీ ఒకటే ఖజానా ఉన్నచోట ఏ బంగళా ఎవరిది? ఏ తోట ఎవరిది? అందుకే ప్రతి రాజూ జాబితా రాసివ్వాలన్నారు. విలీనంలో ఎక్కువ నలిగింది ఇలాంటి జాబితాల దగ్గరే.

కటక్ సమావేశం మర్నాడు పటేల్ నాగపూర్ వెళ్లి ఛత్తీస్‌గఢ్ సంస్థానాల రాజులతో ఇదే తరహా సంతకాలు చేయించాడు. మయూర్‌భంజ్ మాత్రం కటక్‌లో తప్పించుకుంది, మా దగ్గర ప్రజాప్రభుత్వం ఉందన్నారు. ఏడాది తిరిగి 1949 జనవరి 1న అదీ ఒడిశాలో కలిసింది. సంతకం పెట్టిన పాట్నా మహారాజా (బీహారు పాట్నా కాదు, బలాంగీర్ వైపుది) రాజేంద్ర నారాయణ్ సింగ్‌దేవ్ 1967లో ఓట్లతో గెలిచి ఒడిశాకే ముఖ్యమంత్రి అయ్యాడు. ఇలాంటివాటిని వదిలేసి హైదరాబాదు ఒక్కదానికే మూడు పేజీలిచ్చావు. హైదరాబాదు అసలు చేరిక పత్రమే లేకుండా, యథాతథ ఒప్పందంతో దాదాపు పది నెలలు నెట్టుకొచ్చి 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చాక లొంగిన సంస్థానం. అది మినహాయింపు. మినహాయింపుతో మొదలుపెడితే పాఠకుడు అన్నీ అలాగే జరిగాయనుకుంటాడు.

ఒక్క లోటు మాత్రం నీ చిత్తుప్రతిలోనూ, నేను రాసిన చాలావాటిలోనూ ఉంది. సంతకాలన్నీ రాజులవి. సరాయికెలా, ఖర్సావాఁ అనే రెండు చిన్న సంస్థానాలనూ కటక్ లెక్క ప్రకారం ఒడిశాకే ఇచ్చారు. అక్కడి ఆదివాసులకు అది ఇష్టం లేదు. అప్పగింత జరగాల్సిన 1948 జనవరి 1నే ఖర్సావాఁ సంతకు వేలమంది వచ్చి నిరసన తెలిపారు. పోలీసులు కాల్పులు జరిపారు. ఎందరు చనిపోయారన్న లెక్క మీద ఇప్పటికీ వాదమే. ఆ మే నెలలో రెండు సంస్థానాలనూ ఒడిశా నుంచి తీసి బీహారుకు ఇచ్చారు. ఇప్పుడవి ఝార్ఖండ్‌లో ఉన్నాయి.

వ్యాసాన్ని ఆ సంత నుంచి మొదలుపెట్టి వెనక్కి కటక్ గదికి వెళ్లి చూడు. రాశాక పంపు, మళ్లీ చదువుతాను.

ఆశీస్సులతో