తొమ్మిదో తరగతి టీచరైన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

కొత్తగా చేరిన ఒక అందమైన అమ్మాయి చుట్టూ నీ తరగతి ఆడపిల్లలందరూ తిరుగుతున్నారనీ, ఆమె బెంచీలో చోటు కోసం పాత స్నేహితురాళ్లు మాటలు మానుకున్నారనీ రాశావు. ఇరవై ఎనిమిదేళ్లు హైస్కూల్లో పనిచేశాను కనుక, ఈ విషయంలో నేను చేసినవీ, చేసి పొరపాటుపడినవీ చెబుతాను.

పిల్లల కంటే ముందు నిన్ను నువ్వు గమనించుకో. ముఖ్య అతిథికి పూలగుచ్ఛం ఇవ్వడానికి, జ్యోతి ప్రజ్వలన దగ్గర నిలబడడానికి, వార్షికోత్సవంలో భరతమాత వేషానికి మనం ఎవరిని పిలుస్తామో పిల్లలు ఏళ్ల తరబడి చూస్తూనే ఉంటారు. మన దగ్గర అందం అనగానే ముందు లెక్కకు వచ్చేది ఒంటి రంగే కాబట్టి, చామనఛాయ పిల్లలు ఆ వరుసలో తమకు చోటు లేదని ఆరో తరగతికే గ్రహిస్తారు. ఇది మార్కుల దాకా కూడా పాకుతుంది. 1973లో అమెరికాలో క్లిఫర్డ్, వాల్‌స్టర్ అనే పరిశోధకులు ఒకే ప్రోగ్రెస్ రిపోర్టుకు వేర్వేరు పిల్లల ఫొటోలు జతచేసి ఉపాధ్యాయులకు చూపిస్తే, అందమైన ఫొటో ఉన్న బిడ్డే తెలివైనదని వారు ఎక్కువగా అంచనా వేశారు.

ఆ తరవాత తరగతిలో చీటీలు రాయించు. పేరున్న పిల్లలూ ఇష్టమైన పిల్లలూ ఒకరే అని మనం అనుకుంటాం గానీ, చాలాసార్లు కారు. ఒక చీటీలో ‘నాలుగు రోజుల ప్రాజెక్టుకు నీతో ఎవరు ఉండాలి’ అనీ, రెండో చీటీలో ‘మన తరగతిలో అందరూ ఎవరి వెంట తిరుగుతారు’ అనీ అడిగి, ఒక్కోదానికి మూడు పేర్లు రాయమను. రాసినవారి పేరు అక్కర్లేదు. ఎవరంటే ఇష్టం లేదని మాత్రం ఎన్నడూ అడగకు. ఆ ప్రశ్న బయటికి పొక్కితే ఒక బిడ్డ ఏడాదంతా దాన్ని మోయాల్సి వస్తుంది. లెక్క పూర్తి కాగానే చీటీలు చింపెయ్యి.

నేను నలభై రెండు మంది ఉన్న తరగతిలో ఇలా రాయించినప్పుడు, అందరూ మెచ్చుకునే అమ్మాయికి రెండో చీటీలో ముప్ఫై ఒక్క ఓట్లు, మొదటి చీటీలో నాలుగే వచ్చాయి. ఎవరి కంటా పడని మరో పిల్లకు మొదటి చీటీలో పంతొమ్మిది వచ్చాయి. కొన్నాళ్లకు ఆ అందమైన అమ్మాయి స్టాఫ్ రూముకు వచ్చి, ‘అందరూ నా పక్కన ఫొటో దిగుతారు టీచర్, జ్వరంతో వారం రాకపోతే నోట్సు పంపినవాళ్లు ఒక్కరూ లేరు’ అని ఏడ్చింది. ఆ పిల్ల చెడ్డది కాదు. స్నేహం దానంతటదే వచ్చి చేరుతుండడంతో, తనే వెళ్లి పలకరించడం, అలిగినవారిని బతిమాలుకోవడం అనే పనుల అవసరం ఆమెకు అంతవరకూ పడలేదు.

అప్పుడు నేనొక తప్పు చేశాను. అందరూ సమానమని చూపించాలని ఆమెను ఆ ఏడు వార్షికోత్సవం నుంచి తప్పించాను. తరగతి దాన్ని శిక్షగా అర్థం చేసుకుంది, ఆమె నా ముఖం చూడడం మానేసింది. నువ్వు అలా చేయకు. బెంచీలను పదిహేను రోజులకొకసారి మార్చు. నలుగురేసి జట్లు కట్టి, ప్రతి ఒక్కరికీ విడి పని అప్పగించు. ఆ అమ్మాయికి ముఖంతో సంబంధం లేని పని, ల్యాబ్ రికార్డులు సరిచూడడం లాంటిది, ఇవ్వు.

పదో తరగతికి వచ్చేసరికి ఈ మోజు చాలావరకు తగ్గుతుంది. పదమూడేళ్లకే ఎదిగి కనిపించిన పిల్లలను మిగతావారు పదహారుకు అందుకుంటారు, పైగా రోజూ చూసే ముఖం కంటే స్వభావమే ఎక్కువ తెలుస్తుంది. అయితే ఇంటర్‌లో కొత్త సెక్షన్‌లో అడుగుపెట్టగానే, ముక్కూ మొహం తెలియనివారి మధ్య అందానికి మళ్లీ మొదటి వరుస దొరుకుతుంది. చిన్నప్పటి ఆదరణ వల్ల ధైర్యంగా మాట్లాడడం నేర్చి, ఇతరులను కూడా కలుపుకుపోయిన పిల్లలకు ఆ పేరు నిలిచిపోవడం నేను చూశాను.

నాకు ఎక్కువ దిగులు ఆ అమ్మాయి గురించి కాదు, చుట్టూ చేరినవారి గురించి. అమెరికాలోని వర్జీనియాలో ఆలెన్ అనే మనస్తత్వవేత్త బృందం 184 మంది పిల్లలను పదమూడో ఏట నుంచి పదేళ్లు గమనించి 2014లో ఫలితాలు ప్రకటించింది. చిన్న వయసులోనే ప్రేమలు, చిన్నచిన్న తప్పుడు పనులు, అందమైన స్నేహితులనే ఎంచుకోవడం, వీటితో పేరు తెచ్చుకున్నవారి ఆకర్షణ స్కూలు ముగిసేలోపే తగ్గింది. ఇరవై మూడేళ్లకు సంబంధాలు నిలుపుకోవడంలో వారికే ఇబ్బందులు ఎక్కువయ్యాయి. కనుక మాటలు మానేసిన ఆ పాత స్నేహితురాళ్లను ముందుగా ఒకే జట్టులో వెయ్యి.

డిసెంబరులో మళ్లీ చీటీలు రాయించి, రెండు లెక్కలూ నాకు పంపు.

ఇట్లు,
మీ అత్త