మూడు కార్డులు, రెండే లిమిట్లు: ఎంత కడితే 30 శాతం లోపు వస్తుంది?

ప్రశ్న: సార్, మాది గాజువాక. మధురవాడలో ఫ్లాట్ కోసం వచ్చే నెల హోమ్ లోన్‌కి అప్లై చేద్దామనుకుంటున్నాం. నాకు మూడు క్రెడిట్ కార్డులున్నాయి. మొదటిదాని లిమిట్ 1,50,000, బాకీ 72,000. రెండోది వేరే బ్యాంకుది, లిమిట్ 80,000, బాకీ 66,000. మూడోది మొదటి బ్యాంకువాళ్లే యూపీఐకి ఇచ్చిన రూపే కార్డు, లిమిట్ 70,000, బాకీ 12,000. యాప్‌లో మొదటి కార్డు మీద ఇంకా 66,000 వాడుకోవచ్చని చూపిస్తోంది. కొన్ని నెలలుగా మినిమమ్ డ్యూ మాత్రమే కడుతున్నాను. ఇప్పుడు చీటీ డబ్బు 95,000 చేతికొచ్చింది. మొత్తం లిమిట్ 3 లక్షలు, బాకీ లక్షన్నర కాబట్టి 60,000 కడితే బాకీ లిమిట్‌లో 30 శాతానికి వస్తుంది కదా? మిగతా 35,000 ఫ్లాట్ అడ్వాన్సుకి ఉంచుకోవచ్చా?

జవాబు: 60,000 చాలదండీ. మీ కూడికలు, తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి. తేడా మొత్తం ఆ 3 లక్షల దగ్గరే ఉంది.

మీరు రాసిన 66,000 అంకె చూడగానే విషయం తెలిసిపోయింది. మొదటి కార్డు లిమిట్ లక్షన్నర, బాకీ 72,000 అయితే ఇంకా వాడుకోవడానికి 78,000 మిగలాలి. యాప్ 66,000 అంటోంది. ఆ తగ్గిన 12,000 మీ రూపే కార్డు బాకీయే. అంటే ఆ బ్యాంకు మీకు కొత్తగా 70,000 లిమిట్ ఇవ్వలేదు. ఉన్న లక్షన్నరలోంచే 70,000 వరకు రూపే కార్డు మీద కూడా వాడుకోనిస్తోంది. ఒకే బ్యాంకులో రెండు కార్డులున్న చాలామందికి పరిస్థితి ఇదే. ఇంట్లోవాళ్ల పేరిట తీసుకునే యాడ్-ఆన్ కార్డు సంగతీ అంతే.

కాబట్టి మీ అసలు లిమిట్ లక్షన్నరకి 80,000 కలిపితే వచ్చే 2,30,000. బాకీ లక్షన్నర. వాడకం 50 శాతం కాదు, 65 శాతం. మీరనుకున్నట్టు 60,000 కడితే మిగిలే 90,000 ఆ లిమిట్‌లో 39 శాతం అవుతుంది. 2,30,000లో 30 శాతం అంటే 69,000. అక్కడికి దిగాలంటే 81,000 కట్టాలి. ఉమ్మడి లిమిట్‌ను బ్యాంకు సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోకి ఎలా పంపిందో మీ రిపోర్టులో చూడండి. రెండు కార్డులకీ విడివిడిగా లిమిట్ కనిపిస్తే మీకే మంచిది, కానీ దాన్ని నమ్ముకుని తక్కువ కట్టకండి.

81,000 కూడా కాగితం మీది లెక్కే. మీరు మినిమమ్ డ్యూ కడుతూ వస్తున్నారు కాబట్టి మిగిలిన బాకీ మీద వడ్డీ రోజూ నడుస్తూనే ఉంటుంది. చాలా కార్డుల మీద అది నెలకు మూడున్నర శాతం, కొన్నిటి మీద ఇంకాస్త ఎక్కువే ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. మీ కార్డుల రేటు స్టేట్‌మెంట్ వెనక పేజీలో ఉంటుంది, ఓసారి చూడండి. మూడున్నర చొప్పున 69,000 మీద నెలకు వడ్డీ 2,415, జీఎస్టీ 435. అంటే తర్వాతి స్టేట్‌మెంట్‌కి బాకీ దాదాపు 71,850 అవుతుంది, మళ్లీ 31 శాతం దాటిపోతారు. కట్టేసిన సొమ్ము మీద కూడా, కట్టిన రోజు వరకు పడిన వడ్డీ ఆ బిల్లులోనే వస్తుంది.

అందుకే 90,000 కట్టేయండి. చెరో బ్యాంకుకి 45,000. రెండో బ్యాంకులో బాకీ 66,000 నుంచి 21,000కి దిగుతుంది, అది ఆ కార్డు లిమిట్‌లో 26 శాతం. మొదటి బ్యాంకులో రెండు కార్డులూ కలిపి 84,000 కాస్తా 39,000 అవుతుంది, అదీ 26 శాతమే. ఆ 45,000లో ముందు రూపే కార్డు మీది 12,000 పూర్తిగా తీర్చి, మిగతా 33,000 మొదటి కార్డుకి కట్టండి. వడ్డీ పడినా రెండు చోట్లా 30 లోపే ఉంటారు. రెండో కార్డుకి ఇంత పెద్ద వాటా ఎందుకంటే అది ఇప్పుడు 82 శాతం నిండి ఉంది. మొత్తం వాడకం తగ్గినా ఒక కార్డు అంచు దాకా నిండి ఉంటే అది కూడా లోన్ ఇచ్చేవాళ్ల కంట్లో పడుతుంది.

ఈ 30 శాతం ఆర్‌బీఐ పెట్టిన నిబంధన కాదు, ఈ రంగంలో అందరూ పాటించే ఒక గీత. 31 అయితే లోన్ రాదని కాదు, 29 అయితే వచ్చేస్తుందనీ కాదు. మీరు 65 నుంచి దిగుతున్నారు కాబట్టి తేడా ఉంటుందనే నా నమ్మకం.

ఇక ఎప్పుడు కట్టాలన్నది. ద్వారకానగర్‌లో నా దగ్గరికి వచ్చిన ఒకావిడ బిల్లు మొత్తం గడువు రోజున కట్టేసి, మర్నాడే లోన్‌కి వెళ్లారు. బ్యాంకు తీసిన రిపోర్టులో పాత బాకీ అలాగే ఉంది. ఆవిడ ఫోన్‌లో కట్టిన మెసేజ్ చూపిస్తూ కూర్చోవాల్సి వచ్చింది. గడువు తేదీ వేరు, స్టేట్‌మెంట్ తయారయ్యే తేదీ వేరు. మీరు స్టేట్‌మెంట్ తేదీకి మూడు నాలుగు రోజుల ముందే కట్టండి. రెండు బ్యాంకులకీ ఆ తేదీ ఒకటే కాకపోవచ్చు, అప్పుడు ముందు వచ్చేదాని ప్రకారం రెండూ కట్టేయండి. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి బ్యూరోలకు లెక్కలు పంపాలి. ఉదాహరణకు 8న కట్టారు, స్టేట్‌మెంట్ 12న వచ్చింది, 15నాటి లెక్క బ్యూరోకి వెళ్లింది అనుకుందాం. అది రిపోర్టులో కనబడడానికి ఇంకో వారం పది రోజులు పట్టొచ్చు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. కొత్త బాకీ అందులో కళ్లారా చూశాకే అప్లై చేయండి. పాత అంకే ఉండిపోతే ముందు ఆ బ్యాంకుని అడగండి. సరిచేయకపోతే బ్యూరో సైట్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. 30 రోజుల్లో తేల్చకపోతే ఆలస్యమైన రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి.

ఈ నెల రోజులూ మూడు కార్డులూ పక్కన పెట్టండి. ముఖ్యంగా యూపీఐకి రూపే కార్డు బదులు సేవింగ్స్ ఖాతానే ఎంచుకోండి. పాల ప్యాకెట్, పెట్రోలు, ఆదివారం చేపలు అంటూ స్కాన్ చేస్తూ పోతే 5,000 ఎప్పుడు దాటిందో తెలియదు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్త ఖర్చుకి వడ్డీ లేని గడువు ఉండదు, మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది.

మిగిలిన 60,000ను ఈఎంఐగా మార్చమని యాప్‌లో ఆఫర్ వస్తుంది. వడ్డీ తగ్గేమాట నిజమే కావచ్చు, కానీ తీరని అసలు మీ లిమిట్‌ని పట్టుకునే ఉంటుంది. వాడకం తగ్గించడానికి అది పనికిరాదు. అలాగే రెండో కార్డు బాకీ తగ్గింది కదా అని, మిగతాదీ తీర్చి దాన్ని మూసేయకండి. 80,000 లిమిట్ పోతే మిగిలేది లక్షన్నరే, అప్పుడు 30 శాతం గీత 69,000 నుంచి 45,000కి పడిపోతుంది.

అడ్వాన్సు సంగతికొస్తే, 35,000 పక్కన పెట్టుకోవద్దనే చెబుతాను. నెలకు మూడున్నర శాతం వడ్డీ కడుతూ ఆ డబ్బు బిల్డర్ చేతిలో పెట్టడం నాకు నచ్చదు. ఒక నెల ఆగమని అడగండి. ఆగనంటే అప్పుడు నాకు మళ్లీ రాయండి, రెండు కార్డుల స్టేట్‌మెంట్ తేదీలు, వడ్డీ రేట్లు కూడా రాసి పంపండి.