సందేహాలు – సమాధానాలు: ‘మాత్రమే’ ఎక్కడ పెట్టాలి?

సందేహం: మా పార్లర్‌లో వేసవి కోసం మామిడి ఐస్‌క్రీమ్ తెస్తున్నాం. మే 10, ఆదివారం సాయంత్రం 5 నుంచి 7 వరకు అందరికీ ఉచితంగా రుచి చూపిస్తాం. అమ్మకం నెలాఖరు దాకా, రోజుకు 40 కప్పులు. ఫొటో కింద ఇలా రాశాను: ‘కేవలం ఈ ఆదివారం మాత్రమే 40 కప్పులు అందుబాటులో కలదు. రండి, రుచించండి!’ మిగతా రోజుల్లో దొరకదా అని అందరూ అడుగుతున్నారు. ఎక్కడ పొరపాటు?

సమాధానం: ‘కేవలం’ తన తర్వాతి మాటను పట్టుకుంటుంది, ‘మాత్రమే’ తన ముందు మాటను. మీ వాక్యంలో ఆ రెండింటి మధ్య ఉన్నది ఆదివారం. అందుకే పరిమితి రోజు మీద పడింది, కప్పుల మీద పడలేదు. చదివినవాళ్లు సరిగ్గానే అర్థం చేసుకున్నారు.

‘ఆదివారమే 40 కప్పులు’ అంటే ఇంకే రోజూ లేవని. ‘ఆదివారం 40 కప్పులే’ అంటే ఆ రోజుకు అంతకు మించి లేవని. ఏకారం ఒక్కటి చోటు మారితే అర్థం ఇంత మారుతుంది. మీకు కావలసింది రెండోది కాబట్టి ఏకారాన్ని కప్పులకు చేర్చండి. అప్పుడు ‘కేవలం’, ‘మాత్రమే’ రెండూ అక్కర్లేదు. ఎలాగూ ఒకే మాటకు ఆ రెండూ తగిలించడం పునరుక్తి.

ఇక ‘రోజుకు’ అన్న మాట తప్పనిసరి. అది లేకపోతే 40 అనేది మొత్తం లెక్క అనుకుంటారు, రెండో రోజు నుంచి రావడం మానేస్తారు.

‘కప్పులు’ బహువచనం కనుక ‘కలదు’ పొసగదు. ‘కలవు’ అని దిద్దవచ్చు గానీ, ‘రండి’ అని పిలిచే వాడుక భాషలో అది అతకదు. ‘ఉంటాయి’ చాలు. ‘రుచించండి’ మాత్రం తప్పే. రుచించేది పదార్థం: ‘ఇది నాకు రుచించింది’ అంటాం. మనుషులు చేసేది రుచి చూడటం.

తేదీల దగ్గరా జాగ్రత్త అవసరం. ‘ఈ ఆదివారం’ అని రాస్తే, సోమవారం చూసినవాళ్లు వచ్చే ఆదివారం అనుకుంటారు. ‘మే 31 వరకు’ అంటే 31 కలుస్తుందా లేదా అని కొందరికి అనుమానం. ‘31 రాత్రి వరకు’ అంటే ఆ అనుమానం ఉండదు.

రుచి చూపడం ఒక్కరోజు, అమ్మకం రోజూ. ఈ రెంటినీ ఒకే వాక్యంలో ఇరికించడమే అసలు చిక్కు. విడదీసి ఇలా రాయండి:

‘వేసవి మామిడి ఐస్‌క్రీమ్ వచ్చేసింది!
మే 10, ఆదివారం సాయంత్రం 5 నుంచి 7 వరకు ఉచితంగా రుచి చూడండి.
అమ్మకం మే 31 రాత్రి వరకు ప్రతిరోజూ. రోజుకు 40 కప్పులే.’

ఆదివారం రుచి చూపే చెంచాలు ఆ 40 కప్పుల లెక్కలోకి రాకపోతే, రెండో వాక్యం చివర ‘ఇది 40 కప్పులకు అదనం’ అని చేర్చండి.