టెక్ సందేహాలు: తల పగిలిపోతున్నా ఆక్సీమీటర్‌లో 98 ఎందుకు?

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లెటూరు సార్. కట్టెల మంటతో ఆకు ఆరబెట్టే పొగాకు బ్యారన్ ఉంది. మొన్న రాత్రి మంట చూసుకుంటూ మా నాన్న బ్యారన్‌ను ఆనుకున్న గదిలో పడుకున్నారు. చలని తలుపు వేసుకున్నారు. తెల్లారేసరికి ఒకటే తలనొప్పి, వాంతులు. కరోనా టైంలో కొన్న ఆక్సీమీటర్ పెడితే 98 వచ్చింది. ఆక్సిజన్ బాగానే ఉందిలే అని ఇంట్లోనే ఉంచాం. మధ్యాహ్నానికి తేరుకున్నారు. మీటర్ పాడైందా? ఇంకా మంచిది ఏది కొనమంటారు?

మీ మీటర్ పాడవలేదు. దానికి పదింతలు పెట్టి ఇంకోటి కొన్నా ఆ ఉదయం 98 దగ్గరే చూపించేది. కొత్త ఆక్సీమీటర్ మాట పక్కన పెట్టండి. ముందు నాన్నగారిని డాక్టర్‌కి చూపించండి. ఎందుకో చివర్లో చెబుతాను.

ఆక్సీమీటర్ మీ వేలిలో ఆక్సిజన్‌ను చూడదు. రక్తం రంగును చూస్తుంది. క్లిప్‌కి ఒకవైపు రెండు చిన్న లైట్లు ఉంటాయి. ఒకటి 660 నానోమీటర్ల ఎరుపు, ఇంకోటి 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్. ఎరుపు మన కంటికి కనిపిస్తుంది, రెండోది కనిపించదు. ఇవి సెకనుకు ఎన్నోసార్లు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతుంటే, ఎదురువైపున్న సెన్సర్ వేలు దాటి ఎంత వెలుతురు వచ్చిందో కొలుస్తుంది. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్ ఎరుపు వెలుతురును పెద్దగా పీల్చుకోదు, ఇన్‌ఫ్రారెడ్‌ను ఎక్కువ పీల్చుకుంటుంది. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ దీనికి తలకిందులు.

అయితే వేలిలో చర్మం, ఎముక, సిరల్లోని రక్తం కూడా వెలుతురును ఆపుతాయి కదా, వాటి లెక్క ఎలా తీసేస్తారు? గుండె కొట్టుకున్నప్పుడల్లా ధమనుల్లోకి కొంచెం రక్తం కొత్తగా వస్తుంది. ఆ క్షణంలో సెన్సర్‌కి చేరే వెలుతురు ఓ పిసరు తగ్గి, మళ్లీ మామూలవుతుంది. చర్మం, ఎముక అలా కొట్టుకోవు కాబట్టి, మారే భాగం మాత్రం తీసుకుంటే అది దాదాపుగా ధమనుల రక్తమే. ఈ కిటుకు పట్టింది జపాన్ ఇంజినీర్ టకువో అవోయాగి, 1970ల మొదట్లో. ఆయన అసలు కొలవబోయింది వేరే. చెవి దగ్గర వెలుతురు పెట్టి, గుండె ఎంత రక్తం పంపుతోందో చూద్దామనుకున్నారు. నాడి వల్ల వచ్చే ఊగిసలాట ఆ లెక్కకు అడ్డొచ్చింది. దాన్ని వదిలించుకునే ప్రయత్నంలోనే, ఆక్సిజన్ లెక్క దాంతోనే తేల్చొచ్చని ఆయనకు తట్టింది.

లోపల జరిగే లెక్క ఇంతే:

```
R = (AC660 / DC660) / (AC940 / DC940)
SpO2 ≈ 110 - 25 × R
```

AC అంటే నాడితో మారే భాగం, DC అంటే మారకుండా ఉండే భాగం, SpO2 అంటే మీటర్ చూపించే ఆక్సిజన్ శాతం. R విలువ 0.5 అయితే 97.5 వస్తుంది, 1 అయితే 85. రెండో లైను పాఠ్యపుస్తకాల్లో ఇచ్చే ఉజ్జాయింపు సూత్రం. కంపెనీలు తమ సొంత పట్టిక వాడతాయి. ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు ఆక్సిజన్ తగ్గించిన గాలి పీల్పించి, వాళ్ల రక్తం తీసి ల్యాబ్‌లో కొలిచి, ఏ R కి ఎంత శాతమో రాసుకుంటారు. ప్రాణాపాయం కాబట్టి సుమారు 70 శాతం కంటే కిందికి దించరు. అందుకే అంతకంటే కింద మీటర్ చూపించే అంకె అంచనా మాత్రమే.

మీ బ్యారన్ దగ్గర దెబ్బకొట్టింది ఈ పట్టికే. రెండు లైట్లతో రెండు రకాల హిమోగ్లోబిన్‌నే విడదీయగలం: ఆక్సిజన్ ఉన్నది, లేనిది. మూడో రకం రక్తంలో ఉంటే మీటర్‌కి దాన్ని పెట్టే గడి లేదు. ఉన్న రెండింటిలో ఏదో ఒక దాంట్లోకి తోసేస్తుంది.

కట్టెలు సరిగా గాలి ఆడక కమురుతూ మండినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. కొలిమి నుంచి బ్యారన్ లోపలికి వెళ్లే గొట్టాలకు చిల్లు పడినా, అతుకు వదులైనా, కొలిమి మూతి దగ్గర పొగ వెనక్కి తన్నినా పక్క గదిలోకి చేరుతుంది. పొగ కంటికి కనిపిస్తుంది, ఘాటు తగులుతుంది. ఈ గ్యాస్‌కి మాత్రం రంగూ లేదు, వాసనా లేదు. హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అలా పట్టుకున్న హిమోగ్లోబిన్ కూడా ఎర్రగానే ఉంటుంది. 660 దగ్గర అది వెలుతురును ఆపే తీరు ఆక్సిజన్ ఉన్నదాని తీరుకి చాలా దగ్గర. దాంతో మీటర్ దాన్ని కూడా ఆక్సిజన్ ఖాతాలో వేసేస్తుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి నాన్నగారి అంకెలు కావు, ఉదాహరణకి అనుకున్నవి. రక్తంలో హిమోగ్లోబిన్ 100 పాళ్లు అనుకుంటే, 25 పాళ్లు కార్బన్ మోనాక్సైడ్ చేతిలో ఉన్నాయి. 73 పాళ్లు ఆక్సిజన్ మోస్తున్నాయి. 2 ఖాళీ. మీటర్ 73, 25 కలిపేసి 98 దగ్గర చూపిస్తుంది. నిజంగా ఆక్సిజన్ మోస్తున్నది 73. పైగా ఈ గ్యాస్ ఉన్నప్పుడు ఆ 73 కూడా తమ ఆక్సిజన్‌ను కండరాలకు, మెదడుకు అంత తేలిగ్గా వదలవు. 25 శాతం అంటే తల పగిలిపోయే నొప్పి, వాంతులు వచ్చే స్థాయి. పెదాలు నీలం కావు, మీటర్ మోగదు. సిగరెట్లు బాగా కాల్చేవాళ్లలో ఇదే మోసం చిన్న ఎత్తున రోజూ జరుగుతుంటుంది. వాళ్ల మీటర్ నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపించినా ఆశ్చర్యం లేదు.

మధ్యాహ్నానికి తేరుకోవడం కూడా దీనికి సరిపోతుంది. మామూలు గాలి పీలిస్తే ఈ గ్యాస్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 4 నుంచి 5 గంటలు పడుతుంది. ఆస్పత్రిలో మాస్క్ పెట్టి పూర్తి ఆక్సిజన్ ఇస్తే ఆ సమయం గంట, గంటన్నరకు దిగుతుంది. అందుకే మీటర్‌లో 98 ఉన్నా డాక్టర్లు ఆక్సిజన్ పెడతారు. “98 ఉందిగా సార్, ఎందుకు ఇదంతా?” అని వాళ్లతో వాదించకండి.

ఇంకో మాట. పొగాకు ఊళ్లలో తలనొప్పి, వాంతులకు ఇంకో కారణం కూడా ఉంది. ముందురోజు ఆయన మంచుతడి ఉన్న పచ్చాకు కోసినా, కర్రలకు కట్టినా, చర్మం గుండా నికోటిన్ ఎక్కి అచ్చం ఇలాగే కడుపులో తిప్పుతుంది. ఇక్కడ కూర్చుని రెండింటిలో ఏదని నేను తేల్చలేను. మీరు గుర్తు చేసుకోవాల్సినవి రెండు: అదే గదిలో పడుకున్న ఇంకెవరికైనా అదే సమయంలో తలనొప్పి వచ్చిందా? బయటికి రాగానే తెరిపి అనిపించి, మళ్లీ లోపలికి వెళ్తే మొదలైందా? రెండింటికీ అవునంటే గ్యాస్ మీదే నా అనుమానం.

ఇంకోసారి ఇలా అయితే ముందు తలుపులు బార్లా తెరిచి మనిషిని బయటికి తీసుకురండి, 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో “మంట దగ్గర తలుపులు మూసుకుని పడుకున్నారు” అన్న మాట మొదటే చెప్పండి. రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్, అంటే ఈ గ్యాస్ పట్టుకున్న హిమోగ్లోబిన్ ఎంతుందో చూడమని అడగండి. ఆ పరీక్ష కో-ఆక్సీమీటర్ ఉన్న మిషన్‌లోనే అవుతుంది. అది రెండు కాకుండా ఎన్నో రంగుల వెలుతురు వాడి రకాలన్నీ విడదీస్తుంది. రక్తంలో గ్యాస్‌లు చూసే ఉత్తి ఏబీజీ మిషన్ చాలాసార్లు ఆక్సిజన్ శాతాన్ని కొలవకుండా లెక్కగట్టి ఇస్తుంది కాబట్టి, దాంట్లోనూ అంతా బాగున్నట్టే కనిపించవచ్చు. గదిలోంచి ఎన్ని గంటలకు బయటికి వచ్చారో రాసిపెట్టుకోండి. ఆలస్యమయ్యే కొద్దీ పరీక్షలో అంకె చిన్నదవుతుంది.

నాన్నగారు తేరుకున్నా డాక్టర్‌కి చూపించమన్నది ఇందుకే: ఈ గ్యాస్ గట్టిగా తగిలినవాళ్లలో కొందరికి కొన్ని రోజులు, వారాలు ఆగి మతిమరుపు, నడకలో తేడా బయటపడతాయి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు అసలు ఆలస్యం చేయకూడదు.

ఇక కొనాల్సిన వస్తువు: CO అలారం, అంటే కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగేది. డబ్బా మీద CO అనే ఉండాలి, గాలిలో గ్యాస్ ఎంతుందో స్క్రీన్ మీద ppm లెక్కలో చూపించేదైతే మేలు. వంటగదిలో పెట్టే ఎల్‌పీజీ లీక్ అలారం దీనికి పనికిరాదు, పొగ అలారం కూడా అంతే. అమెరికా ప్రమాణం ప్రకారం CO అలారాలు 70 పీపీఎం ఉంటే గంట నుంచి 4 గంటల్లోపు, 400 పీపీఎం ఉంటే 4 నుంచి 15 నిమిషాల్లోపు మోగాలి. ఈ గ్యాస్ బరువు గాలితో దాదాపు సమానం. కాబట్టి పడుకున్న మనిషి ముక్కు ఎత్తులో, మంచానికి దగ్గరగా పెట్టండి. లోపలి సెన్సర్‌కి గడువు ఉంటుంది, వెనక ముద్రించిన తేదీ చూసుకోండి. అలారం వచ్చేదాకా ఆ గదిలో ఎవరూ పడుకోవద్దు. మంచం ఆరుబయట వేసుకుని దుప్పటి ఇంకోటి కప్పుకోవడం నయం.

ప్రశ్న: నేను నెల్లూరు దగ్గర రొయ్యల ప్రాసెసింగ్‌లో పనిచేస్తాను. చేతులు ఎప్పుడూ ఐస్‌లోనే. షిఫ్ట్ అవగానే సరదాకి వేలికి మీటర్ పెడితే 84, 85, ఒక్కోసారి గీతలే. ఆయాసం ఏమీ లేదు. గోరింటాకు కూడా ఉంది. టెన్షన్‌గా ఉంది సార్.

పై సూత్రం చూడండమ్మా. చలికి వేలిలో రక్తనాళాలు ముడుచుకుంటే నాడితో మారే భాగం దాదాపు కనుమరుగవుతుంది. అప్పుడు సెన్సర్‌కి దొరికేది చేతి వణుకు, బయటి వెలుతురు లాంటి చెత్త సిగ్నల్. అది రెండు లైట్లలోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి R విలువ 1 వైపు జరుగుతుంది. 110లోంచి 25 తీసేస్తే 85. సిగ్నల్ దొరకని మీటర్ ఈ అంకె చుట్టూనే తచ్చాడుతుంది.

చేతులు బాగా వెచ్చబడ్డాక, కూర్చుని, వేలు కదపకుండా, ఎండ తగలకుండా ఒక నిమిషం పెట్టి చూడండి. స్క్రీన్ మీద PR దగ్గరున్న అంకెను మణికట్టు పట్టుకుని లెక్కపెట్టిన నాడితో పోల్చండి. రెండూ కలవకపోతే పైనున్న శాతాన్ని నమ్మొద్దు. నాడి సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెప్పే PI అని ఇంకో అంకె ఉంటే, అది 0.4 కంటే తక్కువ ఉన్నంతసేపూ కూడా అంతే. ఎర్రగా పండిన గోరింటాకుతో పెద్ద తేడా రాదు. నల్లగా పండేలా అమ్మే మెహందీ, ముదురు నెయిల్ పాలిష్ ఉంటే వేరే వేలు చూసుకోండి.

వెచ్చని చేతికి పెట్టినా అంకె 92 లోపే ఉంటే ఆయాసం లేకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఏవైనా మాత్రలు వాడుతుంటే వాటి పేర్లు చెప్పండి. డాప్సోన్ లాంటి కొన్ని మందులు హిమోగ్లోబిన్‌ను మెథిమోగ్లోబిన్ అనే ఇంకో రకంగా మారుస్తాయి. అది రెండు లైట్లనూ దాదాపు సమానంగా పీల్చుకోవడంతో, ఎక్కువైతే అప్పుడు కూడా మీటర్ 85 దగ్గరే నిలబడిపోతుంది. చేతులు వెచ్చబడినా ఆ అంకె కదలదు.