మొదటి సంచిక పంపే ముందు ఒక్కసారి ఇది చదువు, అల్లుడూ

అల్లుడూ,

నీ కన్సల్టింగ్ పని కోసం లింక్డ్‌ఇన్‌లో న్యూస్‌లెటర్ మొదలుపెడతానన్నావు కదా, ఆ డ్రాఫ్ట్ చూశాను. "జీడిపప్పు పరిశ్రమలో నాణ్యత" అని పేరు పెట్టి, సగం నీ పరిచయమే రాశావు. అలా పంపొద్దు. నేను బాయిలర్ల పనిలో ఉన్నప్పుడు సరిగ్గా ఇదే తప్పు చేశాను. మొదటి సంచిక వేయగానే, సబ్‌స్క్రైబ్ చెయ్యమని నీ కనెక్షన్లకూ ఫాలోవర్లకూ లింక్డ్‌ఇన్ వాళ్లే ఆహ్వానం పంపుతారు. ఆ రోజు వచ్చినవాడికి నీ పరిచయం తప్ప ఏమీ కనపడకపోతే మళ్లీ రాడు.

పలాసలో నువ్వు రోజూ చూసే ఒక్క సమస్య తీసుకో. డ్రయ్యర్ నుంచి తీసిన పప్పు పొట్టు తీసేటప్పుడు బద్దలైపోతోంది, ఎందుకు? అదే శీర్షిక. మరీ ఆరిపోతే పెళుసెక్కి విరుగుతుంది, ఆరకపోతే పొట్టు అంటుకుని, గీకితే విరుగుతుంది. ట్రేలు అటూ ఇటూ మార్చకపోతే ఒకే బ్యాచ్‌లో రెండూ ఉంటాయి. పై ట్రే నుంచీ కింద ట్రే నుంచీ గుప్పెడు గుప్పెడు తీసి తేమ విడివిడిగా కొలిచావు కదా, ఆ రెండు అంకెలూ, ట్రేల ఫొటో, తర్వాత ఏం మార్చావో వరసగా రాయి.

ఆ తర్వాత డబ్బు లెక్క చూపించు. రోజుకి 500 కిలోల పప్పు తీసే యూనిట్లో విరిగిపోయే పప్పు 4 శాతం తగ్గితే 20 కిలోలు విరగకుండా గుండ్లుగా మిగులుతాయి. గుండుకీ బద్దకీ కిలోకి 150 రూపాయల తేడా అనుకుంటే రోజుకి 3,000. ఓనరు చదివేది ఈ లైనే. నువ్వు కొలిచిన యూనిట్ పేరు మాత్రం రాయకు, అంకెలు వాడడానికి కూడా ముందు దాని ఓనర్ని అడుగు.

నెలకొకటి చాలు. వారం వారం అని మాట ఇచ్చి మూడోదానికే ఆగిపోతే చూసేవాళ్లకి నీ పని మీదే అనుమానం వస్తుంది. బాగా వచ్చినదాన్ని ప్రొఫైల్లో Featured కింద పెట్టు. ప్రతిదాని కాపీ నీ దగ్గర ఉంచుకో, ఎందుకంటే సబ్‌స్క్రైబర్ల ఈమెయిళ్లు నీ చేతికి రావు.

లైకులు చూసి మురిసిపోకు, అవి ఎక్కువగా మన స్నేహితులవీ తోటి కన్సల్టెంట్లవీ. సబ్‌స్క్రైబర్ల జాబితా తెరిచి హోదాలు చదువు. ప్లాంట్ మేనేజర్లు, ఎగుమతిదారులు కనపడుతున్నారా? "మా డ్రయ్యర్లో కూడా కింద ట్రేలే తడిగా ఉంటున్నాయి" అని ఒక్కడు మెసేజ్ పెట్టాడంటే నువ్వు రాసింది చేరాల్సిన చోటికి చేరినట్టే. అతనికి వెంటనే కొటేషన్ పంపకు, ముందు తేమ అంకెలు అడుగు. నాలుగైదు సంచికల తర్వాత కూడా అలాంటి మెసేజ్ రాలేదంటే నీ శీర్షికలు ఇంకా ఒక్క సమస్య మీద నిలవట్లేదన్నమాట.

ఇంకోటి, కాశీబుగ్గలో చాలామంది ఓనర్లు లింక్డ్‌ఇన్ తెరవరు. వాళ్లకి అదే వ్యాసం తెలుగులో, రెండు పేజీల్లో, వాట్సాప్‌లో పంపు. కొత్త డ్రాఫ్ట్ ఆదివారంలోపు నాకు పంపితే చూస్తాను.

మావయ్య