బోదకాలు మాత్రలు ఆపేశారు, మిగిలినవి వేసుకోవచ్చా?

ప్రశ్న: మా ఊళ్లో ఏటా ఇంటింటికీ బోదకాలు మాత్రలు ఇచ్చేవారు. ఈమధ్య బడిలో చిన్నపిల్లల వేలి నుంచి రక్తం తీసి పరీక్ష చేసి, ఇక మాత్రలు అక్కర్లేదన్నారు. ఇంత పెద్ద ఊళ్లో పిల్లలకు మాత్రమే చూసి ఎలా ఆపుతారు? మా నాన్నగారికి (62) ఎడమ కాలు వాచింది, రెండు రోజులుగా జ్వరం. ఇంట్లో పాత మాత్రలు ఉన్నాయి, వేయమంటారా?
– ఓ పాఠకుడు, కరీంనగర్ జిల్లా

జవాబు: ముందు నాన్నగారి సంగతి. ఆ మాత్రలు వేయకండి. ఒక్క కాలు వాచి జ్వరం ఉందంటే చర్మంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, లోపలి సిరలో రక్తం గడ్డకట్టడమూ కావచ్చు. చూడకుండా నేను తేల్చలేను. ఈరోజే డాక్టర్‌కు చూపించండి. ఇది బోదకాలు తాలూకు జ్వరమే అయినా, అది తగ్గేదాకా బోదకాలు మందైన డీఈసీ ఇవ్వం. ఆయనకు షుగర్ ఉందో లేదో రాయలేదు, ఉంటే అసలు ఆలస్యం చేయొద్దు.

ఇంట్లో పాత మాత్రలు ఉన్నాయన్నారే, నాకు అసలు బెంగ అక్కడే. అంటే తీసుకున్నారు, మింగలేదు. బోదకాలు దోమలు మోసే పురుగుల వల్ల వస్తుంది. ఇంటింటికీ ఇచ్చే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు రక్తంలో తిరిగే పిల్ల పురుగులను బాగా తగ్గిస్తాయి, పెద్ద పురుగులు మాత్రం చాలావరకు బతికే ఉంటాయి. వాటి ఆయుష్షు ఐదారేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అందుకే మాత్రలు కనీసం 5 ఏళ్లు ఇవ్వాలి, ప్రతిసారీ మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది మింగాలి. మొత్తం జనాభా అంటే మాత్రలు ఇవ్వకూడని రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులతో కలిపి. వెయ్యి మంది ఉన్న ఊళ్లో 900 మందికి మాత్రలు అందాయనుకోండి. వాళ్లలో 600 మందే మింగితే కవరేజీ 90 కాదు, 60. ఆ ఏడాది లెక్కలోకి రాదు. ఆశా కార్యకర్త తన ముందే మింగమని పట్టుబట్టేది ఇందుకే, ఆమె మీద విసుక్కోకండి. మింగాక కొందరికి కాస్త జ్వరం, తలనొప్పి వస్తాయి. చాలాసార్లు అది చచ్చిన పిల్ల పురుగులకు ఒళ్లు చూపే స్పందన. దానికి భయపడి మరుసటి ఏడాది మానేసే వాళ్లే కార్యక్రమాన్ని దెబ్బతీస్తారు.

ఇక ఆపడం గురించి. బడిలో పరీక్షకు ముందు పెద్దవాళ్లకూ రాత్రిపూట రక్తం తీస్తారు. పిల్ల పురుగులు మన దగ్గర రాత్రివేళే రక్తంలో కనిపిస్తాయి. ఎంచుకున్న ప్రతిచోటా అవి ఒక శాతం మంది కంటే తక్కువలో ఉంటేనే బడికి వెళతారు. 6, 7 ఏళ్ల పిల్లలను ఎంచుకునేది వాళ్లు మాత్రలు పంచుతున్న కాలంలోనే పెరిగారు కాబట్టి. వాళ్లలో పురుగు ఆనవాలు దొరికిందంటే దోమలు ఇంకా వ్యాధిని మోస్తున్నట్టే. పెద్ద ప్రాంతంలో సాధారణంగా 1,692 మంది పిల్లలను చూస్తారు, పాజిటివ్‌లు 18 దాటకపోతే ఆపొచ్చు. దాటితే మళ్లీ మాత్రలే.

ఆపినా పని అయిపోదు. రెండు, మూడేళ్ల ఎడంతో ఈ పరీక్ష ఇంకో రెండుసార్లు చేస్తారు. అది మొత్తం ప్రాంతానికి వేసిన లెక్క కాబట్టి మీ ఇంట్లో ఎవరికీ పురుగు లేదని దాని అర్థం కాదు. నాన్నగారికి జ్వరం తగ్గాక అనుమానం మిగిలితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగి రాత్రి రక్త పరీక్ష చేయించండి. అవసరమైతే డోసు వాళ్లే చెబుతారు. పాత మాత్రలు అక్కడే ఇచ్చేయండి.