మెదడువాపు తగ్గి ఇంటికొచ్చాక ముందు మింగడం చూడండి

ప్రశ్న: మా బాబుకి మెదడువాపు జ్వరం తగ్గింది, ఇంటికి తెచ్చేశాం. మళ్ళీ మామూలుగా అవుతాడా? ఎన్నాళ్ళు పడుతుంది?

ఇది ఇప్పుడే తేల్చి చెప్పే డాక్టర్ ఉంటే నమ్మకండి. అందరూ నడక గురించి కంగారుపడతారు గానీ, ముందు చూడాల్సింది మింగడం.

మా అప్ప వాళ్ళది బొబ్బిలి దగ్గర పల్లె. ఊడుపులయ్యాక వాళ్ళబ్బాయికి జ్వరం, వాంతులు, ఆపైన ఫిట్స్ వచ్చాయి. వెన్నులో నీరు తీసి పరీక్షిస్తే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అని తేలింది. ఈ వైరస్ మెదడు కణాల్లో చేరి పెరుగుతుంది. దాని మీదకి ఒంట్లోని రక్షణ కణాలు వచ్చి పడితే వాపు వస్తుంది. పుర్రె సాగదు కదా, ఆ ఒత్తిడంతా మెదడు మీదే. ఎక్కువగా దెబ్బతినేది లోపలున్న థాలమస్, బేసల్ గాంగ్లియా. కదలికల్ని అదుపు చేసేది అవే. అందుకే వాడు ఇంటికొచ్చేసరికి చేతులు బిర్రబిగుసుకుని ఉన్నాయి, చొంగ కారేది, మొహంలో నవ్వూ ఏడుపూ లేవు. బావేమో మొండికేశాడని విసుక్కునేవాడు. ఇంకొకరు గాలి సోకిందని తాయెత్తు కట్టారు.

అప్ప వాణ్ణి పడుకోబెట్టే గ్లాసుతో నీళ్ళు పట్టేది. తాగిన ప్రతిసారీ దగ్గు, గొంతులో గరగర. మాటిమాటికీ జ్వరం కూడా వస్తుంటే జబ్బు తిరగబెట్టిందని ఒకటే టెన్షన్. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చూసి, "అప్పా, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి" అంది. గొంతు కండరాలు మెల్లగా కదులుతాయి కాబట్టి, అవి మూసుకునేలోపే పల్చటివి శ్వాసనాళంలోకి జారిపోతాయట. చోడి అంబలి చెంచాలోంచి కారనంత చిక్కగా కాయమంది. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, అర చెంచా పెట్టాలి. మింగాకే ఇంకోటి. తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టకూడదు. మధ్యమధ్యలో వాడి చేత "ఆ" అనిపించి చూడాలి, గొంతు తడిగా గరగరమంటే ఆపేయాలి. కొందరికి దగ్గు కూడా రాదు, కాబట్టి దగ్గలేదని ధైర్యపడొద్దు. జ్వరం, ఆయాసం ఉన్నా, బరువు తగ్గుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కొన్నాళ్ళు ముక్కుగొట్టం పెట్టాల్సి రావచ్చు.

ఇలా చేశాక మావాడికి ఆ జ్వరాలు ఆగాయి. బిగువు నెలల తరబడి మెల్లగా సడలింది, నవ్వు కూడా వచ్చింది. బాగుపడటం ఎక్కువగా మొదటి ఏడాదిలోనే కనబడుతుంది, ఆ తర్వాతా కొద్దికొద్దిగా సాగుతుంది. కానీ చదివింది నిలవదు, ఊరికే కోపం. బయటికి బాగున్నట్టు కనబడే పిల్లల్లోనూ ఇవి మిగులుతాయి. బళ్ళో మేష్టారు బద్ధకం అంటారు, వినకండి.

ఇంకో మాట. మా ఊళ్ళో కాలవల మీద పొగ కొట్టి ఫొటోలు దిగుతారు. కానీ ఈ జబ్బు అంటించే క్యూలెక్స్ దోమ పెరిగేది వరి మడుల్లో నిలిచిన నీళ్ళలో. వైరస్ పందుల్లో, కొంగల్లో పెరుగుతుంది. ఊరి మధ్య పందుల దొడ్డి జోలికి మాత్రం ఎవరూ పోరు.

మీవాడికి ఫిట్స్ మాత్రలు రాసుంటే, నెలల తరబడి ఫిట్స్ రాకపోయినా మీ అంతట మీరు ఆపకండి. ఎప్పుడు, ఎంత తగ్గించాలో న్యూరాలజిస్టే చెప్పాలి.